నా ఉత్తరం ఎక్కడుందో చెప్పండి

2008 అక్టోబరు చివర్లో వేల్స్‌లోని స్వాన్‌సీ నగరంలో ఒక రోడ్డు బోర్డు వార్తల్లోకెక్కింది. మోరిస్టన్ ప్రాంతంలో ఒక సూపర్‌మార్కెట్ దగ్గర పెట్టిన బోర్డు అది. పైన ఇంగ్లీషులో భారీ వాహనాలకు ప్రవేశం లేదని, ముందున్నవి ఇళ్లేనని ఉంది. కింద అదే మాట వెల్ష్‌లో ఉండాలి. కానీ వెల్ష్ వచ్చినవాళ్లు చదివితే అక్కడున్న మాట వేరు: ‘నేను ప్రస్తుతం ఆఫీసులో లేను. అనువదించాల్సిన పని ఏదైనా ఉంటే పంపండి.’

జరిగింది ఇదీ. కౌన్సిల్ సిబ్బంది ఇంగ్లీషు వాక్యాన్ని తమ అనువాద విభాగానికి మెయిల్ చేశారు. అవతలి మనిషి ఆఫీసులో లేరు. ఆటోమేటిక్ జవాబు వెల్ష్‌లో వచ్చింది. పంపినవాళ్లకు ఆ భాష రాదు. అనువాదం అడిగాం, వెల్ష్‌లో రెండు వాక్యాలు వచ్చాయి, ఇదే అనువాదం అనుకున్నారు. బోర్డు అచ్చయి స్తంభం ఎక్కింది.

ఈ కథ చెప్పినవాళ్లలో చాలామంది తప్పును బోర్డు వేయించినవాళ్ల మీద పెట్టారు. ఒక్కసారి సరిచూసుకోవద్దా అన్నారు. సరిచూసుకోవాల్సిందే, కాదనను. కానీ బోర్డుకెక్కిన ఆ జవాబులో ఏం లేవో చూడండి. ఇది యంత్రం పంపిన జవాబని లేదు. ఏ తేదీన తిరిగొస్తారో లేదు. ఈలోగా అనువాదం ఎవరు చేస్తారో లేదు. పంపిన పని ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదన్న మాట అసలే లేదు. పైగా ‘పని ఉంటే పంపండి’ అన్న ఆహ్వానం ఉంది, అప్పటికే పని పంపేసినవాళ్లకి. వెల్ష్ బాగా వచ్చిన మనిషి చేతికి ఆ జవాబు వచ్చినా, ఆ అనువాదం ఎప్పుడు ఎవరి దగ్గర్నుంచి వస్తుందో తెలిసేది కాదు.

నేను ఖండించదలచుకున్న అభిప్రాయం ఇక్కడే ఉంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక ఆహార పదార్థాల కంపెనీలో నేను కొనుగోళ్లు చూస్తూ పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో మేనేజర్ల నోట, శిక్షణ తరగతుల్లో, మన తెలుగు మిత్రుల దగ్గర ఒకే సలహా విన్నాను: అవుటాఫ్ ఆఫీస్ అంటే మర్యాద కోసం పెట్టేది, రెండు లైన్లు చాలు. ఫలానా తేదీ వరకు సెలవు, మెయిల్ చూడటం అంతంతమాత్రం, అర్జెంటయితే మా సహోద్యోగిని సంప్రదించండి. అంతే. ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు, ఎక్కువ చెబితే ప్రమాదం.

రెండు రోజుల సెలవుకి ఈ సలహా చెల్లుతుంది. అమ్మానాన్నల దగ్గరికని, పెళ్లికని, ప్రసవానికని, ఆపరేషన్‌కని ఐదు వారాలో ఆరు నెలలో వెళ్లేటప్పుడు ఇది పనికిరాదు. నేను మెయిల్ పంపిన సరఫరాదారు ఎక్కడున్నాడన్నది నాకు అక్కర్లేదు. గోవాలో ఉన్నా గుంటూరులో ఉన్నా ఆయనిష్టం. నాకు కావాల్సింది నేను పంపిన ఉత్తరం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది. ఆ ఒక్కటీ చెప్పని జవాబు ఎంత మర్యాదగా ఉన్నా ఏం లాభం?

నా అనుభవమే చెబుతాను. ఒక వేసవిలో మా కొత్త పచ్చడి సీసాకి లేబుల్ ప్రూఫ్ వచ్చింది. ఈ దేశంలో పదార్థాల జాబితాలో అలెర్జీ కలిగించేవి మిగతా వాటినుంచి విడిగా కనబడేలా, సాధారణంగా ముద్దక్షరాల్లో, వేయాలి. ఆవాలూ నువ్వులూ రెండూ అలెర్జీ కలిగించేవాటిలో ఉన్నాయి. ప్రూఫ్‌లో ఆవాలు ముద్దక్షరాల్లో ఉన్నాయి, నువ్వులు మామూలుగా ఉన్నాయి. వెంటనే ప్రింటర్ దగ్గర మా పని చూసే మనిషికి దిద్దుబాటు పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది: సెప్టెంబరు 1 వరకు సెలవు, మెయిల్ చూసే అవకాశం పరిమితం, అర్జెంటయితే సహోద్యోగిని సంప్రదించండి.

అప్పుడు నేను ఆలోచించిన తీరు చెబుతాను, ఎందుకంటే మెయిల్ పంపిన ప్రతివాడూ ఇలాగే ఆలోచిస్తాడు. ప్రింటింగ్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. కాబట్టి ఈరోజుకి ఇది అర్జెంటు కాదు. పైగా మెయిల్ చూసే అవకాశం ‘పరిమితం’ అన్నాడంటే అప్పుడప్పుడూ చూస్తాడన్నమాటే కదా. ఏ సహోద్యోగో పేరు లేదు. ఒక చిన్న దిద్దుబాటు కోసం స్విచ్‌బోర్డుకి ఫోన్ చేసి ఎవర్నో వెతికించడమెందుకు? ఆగాను. ఎనిమిదో రోజున మనసాగక ఫోన్ చేస్తే, నాలుగు చేతులు మారి దొరికిన మనిషి, ప్లేట్లు ముందే తయారయ్యాయనీ, ఖాళీ దొరికిందని నిన్ననే అచ్చు మొదలుపెట్టారనీ చెప్పాడు. అచ్చయిన లేబుళ్లన్నీ చించి పారేశాం. నా దిద్దుబాటు ఆ సెలవు మనిషి ఇన్‌బాక్స్‌లో, ఎవరూ తెరవకుండా, భద్రంగా ఉంది.

నా తప్పు లేదని అనను. కానీ నన్ను ఆపిన మాటలు రెండున్నాయి, రెండూ ప్రతి అవుటాఫ్ ఆఫీస్‌లోనూ ఉండే మాటలే.

మొదటిది ‘అర్జెంటయితే’. ఈ మాట నిర్ణయాన్ని ఏమీ తెలియని మనిషి మీదికి తోసేస్తుంది. అవతలి ఆఫీసులో పని ఏ దశలో ఉందో, ఏ గడువు ముందుకు జరిగిందో మెయిల్ పంపినవాడికి ఎలా తెలుస్తుంది? ఇంకో సంగతి, రెండు రోజుల సెలవులో అర్జెంటు కానిది రెండు రోజుల తర్వాత కూడా అర్జెంటు కాదేమో. ఐదు వారాల సెలవులో మాత్రం మొదటి రోజు అర్జెంటు కానిదంతా మూడో వారానికి అర్జెంటవుతుంది. అప్పటికి పంపినవాడు పంపేశాను కదా అని మర్చిపోయి ఉంటాడు. మొహమాటం ఉన్నవాడు, అందులో మనవాళ్లం చాలామందిమి ఉన్నాం, తన పనిని అర్జెంటని పిలవడానికే జంకుతాడు. దబాయించేవాడు పెన్సిళ్ల కొటేషన్‌ని కూడా అర్జెంటంటాడు. ఆ మాట వడపోసేది పనిని కాదు, మనుషుల స్వభావాన్ని.

రెండోది ‘మెయిల్ చూసే అవకాశం పరిమితం’. ఇది నిజం చెప్పదు. చూస్తారా, చూడరా? చూస్తానంటే ఎన్ని రోజులకొకసారి? చూడనంటే ఆ మాటే రాయాలి. జర్మనీలో డైమ్లర్ కంపెనీ 2014లో తన ఉద్యోగులకు పెట్టిన ఏర్పాటు ఈ విషయంలో చివరిదాకా వెళ్లింది. దాన్ని ఎంచుకున్నవారు సెలవులో ఉన్నప్పుడు వచ్చిన మెయిల్ చెరిగిపోయేది. చెరిగిపోతోందని పంపినవాడికి జవాబు వెళ్లేది, ఎవరికి రాయాలో కూడా చెప్పేది. చాలామందికి అది కఠినంగా తోచింది. నాకు మాత్రం అందులో గొప్ప నిజాయితీ కనిపించింది. పంపినవాడికి తన ఉత్తరం గతి తెలుస్తుంది, అది బతికుందన్న భ్రమలో ఉండడు. నేను చెరిపేయమనడం లేదు. అంత స్పష్టంగా చెప్పమంటున్నాను.

ఇవన్నీ మర్యాదకి సంబంధించిన విషయాలేనని, చట్టానికి ఈ రెండు లైన్లతో పనేముందని అనేవాళ్లున్నారు. వాళ్లకి ఈ దేశపు సమాచార హక్కు చట్టాన్నే చూపిస్తాను. 2000లో వచ్చిన ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థ సమాచారం అడిగినవారికి 20 పనిదినాల్లోగా జవాబివ్వాలి. ఆ లెక్క అభ్యర్థన అందిన రోజును బట్టి నడుస్తుంది. సెలవులో ఉన్న ఉద్యోగికి అభ్యర్థన మెయిల్‌లో వస్తే అది అందినట్టా, అందనట్టా? సమాచార కమిషనర్ కార్యాలయం మార్గదర్శకాలు దీనికి జవాబు చెబుతున్నాయి. ఆటోమేటిక్ జవాబులో మెయిల్‌ని ఎవరికి మళ్లీ పంపాలో సూచన ఉంటే, అలా మళ్లీ పంపేదాకా అది అందినట్టు కాదు. అంటే ఆ సూచన లేని జవాబు పెట్టి వెళ్తే ఆ రక్షణ లేదు. ఉద్యోగి రామేశ్వరంలో ఉన్నా, ఉత్తరం తెరవకపోయినా, ఆఫీసుకి గడువు నడుస్తూనే ఉంటుంది. గడియారాన్ని ఆపేదీ నడిపేదీ ఆ ఒక్క వాక్యమే. పౌరుడి వైపు నుంచి చూసినా అంతే. సూచన వచ్చిందని గమనించకుండా ఊరుకుంటే అతని 20 రోజులు మొదలే కావు. మర్యాద కోసం పెట్టే రెండు లైన్లకు ఇంత బరువుంటుందా?

ఇది ప్రభుత్వ సంస్థలకే వర్తించే నియమం, వ్యాపారాలకు కాదు. కానీ అందులో ఉన్న ఇంగితం అందరిదీ. ‘వారిని సంప్రదించండి’ అనడం వేరు, ‘ఈ మెయిల్ ఎవరికీ వెళ్లలేదు, మళ్లీ పంపండి’ అనడం వేరు. మొదటిది చదివితే మెయిల్ ఎలాగూ ఆ మనిషికి చేరుతుందని, తొందరైతే తామూ ఒక మాట చెప్పవచ్చని అనుకుంటారు. రెండోది చదివినవాళ్లు చేయాల్సిన పని చేస్తారు.

ఇక ఎవరి పేరు ఇవ్వాలన్నది. మనవాళ్లలో ఒక అలవాటు గట్టిగా ఉంది: మేనేజర్ పేరు ఇచ్చేయడం. అది గౌరవమనుకుంటాం, పైవాడి పేరు ఉంటే పని ఆగదనుకుంటాం. మేనేజర్‌కి ఆ ఫైలు గురించి ఏమీ తెలియదు. ఆయనకొచ్చిన మెయిల్ ఆయన ఇంకొకరికి పంపుతాడు, వాళ్లు అది ఎక్కడిదని మీకే మెయిల్ పెడతారు, మీ యంత్రం వాళ్లకి సెలవు జవాబు పంపుతుంది. ఇవ్వాల్సింది ఫైలు చేతిలో ఉన్నవాడి పేరు, హోదా ఎంత చిన్నదైనా. ఆ మనిషితో ముందే కూర్చోవాలి. నడుస్తున్న ఆర్డర్ల నంబర్లు అప్పగించాలి, ఫోల్డర్ తెరుచుకుంటుందో లేదో ఆయన కంప్యూటర్ మీదే చూడాలి, ఎంత మొత్తం దాకా ఆయన సరేనంటే చెల్లుతుందో మేనేజర్ చేత చెప్పించాలి. ఆ తర్వాత, మీ పేరు పెడుతున్నానని అడిగి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇంకోటి, ఆయన సెలవు ఎప్పుడో కూడా అడగాలి. ఇక్కడ ఆగస్టంటే బడి పిల్లలున్న ప్రతి ఇంటికీ సెలవుల నెల. ‘ఫలానావారికి రాయండి’ అంటే అక్కడి నుంచి కూడా సెలవు జవాబే రావడం నేను చాలాసార్లు చూశాను.

ఈ పని చేసినవాడికి జవాబు రాయడం కష్టం కాదు. నేను కిందటిసారి విజయవాడ వెళ్లినప్పుడు పెట్టినది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

‘ఇది ఆటోమేటిక్ జవాబు. ఆగస్టు 3 సోమవారం నుంచి సెలవులో ఉన్నాను, సెప్టెంబరు 8 మంగళవారం ఉదయం తిరిగి పనిలో ఉంటాను. ఈ మధ్యలో మెయిల్ చూడను. మీరు పంపిన ఈ మెయిల్ ఎవరికీ ఫార్వర్డ్ కాలేదు, దయచేసి కింద చూసి మళ్లీ పంపండి. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లు, డెలివరీలు, లేబుళ్ల దిద్దుబాట్లు: ఫలానా వ్యక్తి, ఈ మెయిల్, ఈ ఫోన్. కొత్త ధరలు, శాంపిళ్లు: ఫలానా వ్యక్తి. ఇన్‌వాయిస్‌లు: అకౌంట్స్ మెయిల్‌బాక్స్. వీటిలో దేనికీ చెందనిదైతే సెప్టెంబరు 8 తర్వాత నాకు మళ్లీ రాయండి.’

ఇందులో అర్జెంటన్న మాట లేదు. పని రకాన్ని బట్టి దారి ఉంది. తన పని ఏ రకానిదో పంపినవాడికి తెలుసు, అది ఎంత తొందరో తెలియక్కర్లేదు. లేబుళ్ల దిద్దుబాటు అని ఆ రోజు ప్రింటర్ జవాబులో ఉంటే, నేను రెండో ఆలోచన లేకుండా ఆ మనిషికి పంపేవాణ్ని. ‘7 వరకు’ అనలేదు, చూశారా? సోమవారం వరకు సెలవంటే సోమవారం ఉంటారా ఉండరా అని తెలుగులోనూ తేలదు, ఇంగ్లీషులోనూ తేలదు. తిరిగి కూర్చునే రోజును వారంతో, నెల పేరుతో రాస్తే సందేహం ఉండదు. నెలను అంకెతో రాస్తే అమెరికా కస్టమర్‌కి 8/9 ఆగస్టు తొమ్మిదవుతుంది.

‘అవుటాఫ్ స్టేషన్’ అని రాసే మిత్రులకు ఒక మాట. అది బ్రిటిష్ పాలన కాలం నుంచి మన ఆఫీసుల్లో పాతుకుపోయిన మాట. స్టేషన్ అంటే ఆనాటి తెల్లదొర పని చేసే ఊరు. ఆ మాట పుట్టించినవాళ్ల దేశంలోనే ఈనాడు అది ఎవరికీ అర్థం కాదు, రైలు స్టేషనేమో అనుకుంటారు. ఇక్కడ అందరూ అనేది ‘యాన్యువల్ లీవ్’ అని. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. ముఖ్యంగా జబ్బు, ఆపరేషన్ లాంటివి బయటివాళ్లకు రాయకూడదు. ఆరోగ్య సమాచారాన్ని ఈ దేశపు డేటా రక్షణ చట్టం ప్రత్యేకమైనదిగా చూస్తుంది. మీ ఆరోగ్యం గురించి మీరు చెప్పుకోవడం మీ ఇష్టం కావచ్చు, మీరు లేనప్పుడు మీ తరఫున మేనేజరో సహోద్యోగో జవాబు పెట్టి అందులో జబ్బు మాట రాస్తే మాత్రం అది మీ హక్కుకి భంగం కావచ్చు.

ఇప్పుడు ప్రమాదం వాదన. ఇంత వివరంగా రాస్తే మోసగాళ్లకు దారి చూపినట్టేనంటారు. ఇందులో నిజముంది, అందుకే దీన్ని కొట్టిపారేయను. కొనుగోళ్ల మనిషి ఐదు వారాలు లేడని తెలిసినవాడు, ఆ మనిషి పేరుతో అకౌంట్స్‌కి ‘బ్యాంకు ఖాతా మారింది’ అని రాయవచ్చు. కానీ ఆ మోసానికి కావాల్సిన సమాచారం, మీరు లేరన్న సంగతి, రెండు లైన్ల జవాబులోనూ ఉంది కదా. సహోద్యోగి పేరు దాచినంత మాత్రాన ఆ సంగతి దాగదు. దాచాల్సింది ప్రయాణ వివరాలు, ఇల్లు ఖాళీగా ఉందన్న సూచన, సహోద్యోగి సొంత మొబైల్ నంబరు. బ్యాంకు వివరాల మార్పులను మెయిల్ మీద ఒప్పుకోకుండా పాత నంబరుకి ఫోన్ చేసి నిర్ధారించుకోమని అకౌంట్స్‌కి ముందే చెప్పి వెళ్లాలి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఎలాగూ రెండు వేర్వేరు పెట్టెలున్నాయి, Inside My Organization ఒకటి, Outside My Organization ఒకటి. లోపలివాళ్లకు ఫోల్డర్ ఎక్కడుందో కూడా రాయండి, బయటివాళ్లకు పనికి కావాల్సినంతే రాయండి. చాలామంది ఒకదాన్నే రెండింటిలో అతికిస్తారు, లేదా రెండోది ఆన్ చేయడమే మర్చిపోతారు. అప్పుడు కస్టమర్లకు ఏ జవాబూ వెళ్లదు. అందులో My Contacts only అని ఒక గుర్తుంది, అది పెడితే మీ చిరునామాల పుస్తకంలో లేని కొత్త కస్టమర్‌కి మౌనమే జవాబు.

ఇక పొడుగైతే చదవరన్న మాట. నిజానికి పంపినవాడికి అది చాలాసార్లు ఒక్కసారే వస్తుంది. అవుట్‌లుక్ ఆటోమేటిక్ జవాబు ఒక్కో మనిషికి ఒక్కసారే వెళ్తుంది, మీరు దాన్ని ఆపి మళ్లీ పెట్టేదాకా. జీమెయిల్ అదే మనిషి మళ్లీ రాస్తే నాలుగు రోజులకొకసారి పంపుతుంది. కాబట్టి మొదటి జవాబులో లేనిది ఆ మనిషికి మళ్లీ అందే అవకాశం తక్కువ. అందుకే అందులో ఉండాల్సినవన్నీ ఉండాలి.

ఈ సంగతి తెలియక నేనే ఒకసారి దెబ్బతిన్నాను. నా సెలవు మూడో వారంలో నా పని చూస్తున్న సహోద్యోగి ఇంట్లో అనుకోని అవసరం వచ్చి వెళ్లాల్సి వచ్చింది. విజయవాడ నుంచి ఫోన్‌లో లాగిన్ అయి, జవాబులో ఆమె పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టి, పనైపోయిందనుకున్నాను. కానీ మొదటి రెండు వారాల్లో నాకు రాసినవాళ్లకు, అంటే మా ముఖ్యమైన సరఫరాదారులందరికీ, పాత పేరే అందింది. కొత్తది వాళ్లకు వెళ్లనే లేదు. నాలుగు రోజులు వాళ్లంతా లేని మనిషికి రాస్తూ పోయారు. ఆ తర్వాత నేర్చుకున్నాను. పేరు మార్చినప్పుడు జవాబును పూర్తిగా ఆఫ్ చేసి, సేవ్ చేసి, మళ్లీ ఆన్ చేయాలి. అప్పుడు ఎవరెవరికి పంపిందో ఆ జాబితా చెరిగిపోయి, మళ్లీ రాసినవారందరికీ కొత్తగా వెళ్తుంది. దాంతోపాటు నడుస్తున్న ఆర్డర్లున్న ఆరేడుగురికి నేనే విడిగా ఒక్కొక్క మెయిల్ పెడతాను. మిగిలినవాళ్లు మళ్లీ రాస్తే గాని కొత్త పేరు వాళ్లకు తెలియదు. అందుకని ఇప్పుడు బయలుదేరే ముందు సహోద్యోగిని ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను: మీరు రాలేని రోజున మీ ఇన్‌బాక్స్ ఎవరు తెరుస్తారు? ఆ పేరు కూడా జవాబులో, ఆమె పేరు పక్కనే, మొదటి రోజు నుంచే ఉంటోంది.